బండి కొనే ముందు టేపు పట్టండి: ఇంటి ముందు సందును, గేటును, పార్కింగ్‌ను కొలిచి కారు సైజు తేల్చుకోవడం

మారతహళ్లిలో మా బావమరిది ఉండే ఇల్లు ముప్పై బై నలభై సైటు. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన మూడు అంతస్తులు. కారు కొందామని నిర్ణయించుకున్నాడు. క్రెటా అతని మనసులో ఉంది. అనంతపురం నుంచి అమ్మానాన్న వస్తే అందరూ పడతారని మా చెల్లి ఇన్నోవా అంటోంది. "రోడ్డు ఇరవై అడుగులు బావా, గేటు పదడుగులు, లోపల ఇన్నోవా ఏం ఖర్మ, టెంపో కూడా పడుతుంది" అన్నాడు. ఆదివారం టేపు, సుద్దముక్క పట్టుకుని వెళ్లాను. సాయంత్రానికి ఇన్నోవా పోయింది, క్రెటా కూడా పోయింది. ఆ పూట ఏం కొలిచామో, ఎందుకు కొలిచామో ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి కానీ పద్ధతి ఇదే.

ముందే ఒక మాట. బెంగళూరులో సైటు గురించి అడుగుల్లో మాట్లాడతాం, కారు బ్రోషర్‌లో మిల్లీమీటర్లు ఉంటాయి. ఈ రెండింటి మధ్య "సుమారుగా" అనుకోవడంలోనే అరడుగు మాయమవుతుంది. కాబట్టి కొలతలన్నీ సెంటీమీటర్లలోనే రాసుకోండి. ఐదు మీటర్ల స్టీలు టేపు, సుద్దముక్క, అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు.

సందు: రాత్రి తొమ్మిదింటికి కొలవాలి

ప్లానులో ఇరవై అడుగుల రోడ్డు అంటే 6.1 మీటర్లు. మా వాళ్ల క్రాస్‌లో గోడ నుంచి గోడకు కొలిస్తే 5.60 వచ్చింది. అది కూడా కారుకు దొరికే జాగా కాదు. ఎదురింటి వాళ్లు మెట్టు, ర్యాంపు కలిపి 60 సెంటీమీటర్లు రోడ్డు మీదికి తెచ్చారు. ఆ ర్యాంపు పక్కనే, గోడకు సమాంతరంగా, రోజూ రెండు స్కూటర్లు ఉంటాయి. వాటికి 75 పోతుంది. మిగిలింది 4.25 మీటర్లు. ఇరవై అడుగుల రోడ్డు మన గేటు ఎదురుగా పద్నాలుగు అడుగులే అయింది.

పగలు పదకొండింటికి కొలిస్తే ఆ స్కూటర్లు ఆఫీసుల్లో ఉంటాయి. అందుకే రాత్రి తొమ్మిది తర్వాత గానీ ఆదివారం పొద్దున గానీ కొలవాలి. వీధిలో అందరి బండ్లూ ఇళ్లకు చేరిన వేళలోనే మీరు కూడా బండి లోపల పెట్టుకోవాలి కదా. గేటు ఎదురుగా కొలిచాక, మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా నడుచుకుంటూ వెళ్లి అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎక్కడుందో చూడండి. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఎవరో నెలల తరబడి కవర్ కప్పి వదిలేసిన కారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. నేరుగా వెళ్లే చోట మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. అద్దాలతో సహా కారు వెడల్పుకు మరో అరమీటరు ఉంటే మెల్లగా దాటిపోవచ్చు. కష్టమంతా తిరగాల్సిన చోటే.

బ్రోషర్‌లో రాసే వెడల్పులో సైడ్ అద్దాలు కలిసి ఉండవని గుర్తుంచుకోండి. అద్దాలు తెరిచి ఉంటే రెండు వైపులా కలిపి ఇంచుమించు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. షోరూముకు వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లి అద్దం కొస నుంచి అద్దం కొసకు మీరే కొలుచుకోండి. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

గేటు: స్తంభాల మధ్య కాదు, రెక్కల మధ్య

ఓనరు పదడుగుల గేటు అన్నాడు. అంటే 3.05 మీటర్లు. ఆయన స్తంభాల మధ్యలో నుంచి మధ్యకు లెక్కపెట్టినట్టున్నాడు, ఎందుకంటే లోపలి అంచుల మధ్య 2.84 మాత్రమే ఉంది. రెక్కలు రెండూ పూర్తిగా తెరిచాక, కీళ్ల దగ్గర ఇనుప చట్రం మందం చెరో 7 సెంటీమీటర్లు తిన్నది. నికరంగా 2.70.

గేటును మూడు ఎత్తుల్లో కొలవండి. నేల దగ్గర ఒకసారి, ఎందుకంటే టైర్లు తగిలే రాళ్లు అక్కడ ఉంటాయి. మోకాలి పైన ఒకసారి, డోర్లు, బంపర్లు ఉండేది అక్కడ. మీటరు ఎత్తులో ఒకసారి, అద్దాల కోసం. లెటర్ బాక్సు, కరెంటు మీటరు పెట్టె, గడియ కొక్కెం లాంటివి ఒక్కో ఎత్తులో ఒక్కోటి పొడుచుకొస్తాయి. మూడింటిలో చిన్న అంకెనే మీ గేటు వెడల్పుగా తీసుకోండి.

లోపలి పొడవు: గేటు రెక్క తినేసే జాగా

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గేటు లైను నుంచి వెనక గోడ దాకా మా వాళ్ల ఇంట్లో 5.60 మీటర్లు. ఇన్నోవా క్రిస్టా పొడవు 4.735. ఇంకా ముప్పాతిక మీటరు పైనే మిగులుతుందని బావమరిది సంబరపడ్డాడు. గేటు మూయమన్నాను.

ఆ గేటు లోపలికి తెరుచుకుంటుంది. ఒక్కో రెక్క 1.35 మీటర్లు. రెక్క తిరిగేటప్పుడు నేల మీద విల్లు ఆకారంలో జాగా ఊడుస్తుంది. ఆ విల్లు లోపల కారు ముక్కు ఉంటే గేటు మూతపడదు. సుద్దముక్కను రెక్క కొసకు ఆనించి, రెక్కను మెల్లగా తిప్పి నేల మీద ఆ గీత గీశాం. కారు ముందు మూలలు వచ్చే చోట ఆ గీత గేటు లైను నుంచి 1.26 మీటర్ల లోపలికి ఉంది. అంటే కారుకు నిజంగా దొరికే పొడవు 5.60 లోంచి 1.26 తీసేస్తే 4.34 మీటర్లు. ఇన్నోవా ఇక్కడే పోయింది. క్రెటా 4.33. కాగితం మీద ఒక్క సెంటీమీటరు మిగులుతుంది, అంటే వెనక బంపర్ గోడకు అతికించి నిలపాలి. మాకు వెనక ఓ 15, ముందు ఓ 10 సెంటీమీటర్లైనా కావాలి కాబట్టి నాలుగు మీటర్ల పైచిలుకు కారు దాకానే లెక్క కుదురుతుంది.

మన దేశంలో 3.99 మీటర్ల దగ్గర ఆగిపోయే కార్లు ఇన్ని ఉండడానికి కారణం పన్ను. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్‌టీ రేట్లలో కూడా ఈ కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. పన్ను కోసం గీసిన ఆ గీత ముప్పై బై నలభై సైట్లలో ఉండేవాళ్లకు అనుకోని మేలు చేసింది.

గేటును పక్కకు జరిగే రకంగా గానీ, మూడు నాలుగు మడతలుగా ముడుచుకునే రకంగా గానీ మారిస్తే ఆ 1.26లో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. పక్కకు జరపాలంటే గేటు పక్కన దాని వెడల్పంత ఖాళీ గోడ ఉండాలి, ముప్పై అడుగుల సైటులో మెట్లు పోను అది అరుదు. రెక్కలు రోడ్డు వైపు తెరుచుకునేలా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వచ్చే పోయే స్కూటర్ల వాళ్లకు అది ప్రమాదం, ఆ దారి వద్దు.

ఇంకో సంగతి, బెంగళూరు ఇళ్లలో నీళ్ల సంపు సాధారణంగా పార్కింగ్ కిందే ఉంటుంది. దాని మూత ఎక్కడుందో గీతల్లో గుర్తు పెట్టుకోండి. టైరు మూత మీద నిలవకూడదు. కావేరి నీళ్లు వచ్చినా ట్యాంకర్ వచ్చినా కారు తీయకుండానే మూత తెరవగలగాలి. అద్దె ఇల్లైతే మిగతా ఇళ్ల వాళ్ల బైకులు ఎక్కడ పెడతారో కూడా ఓనరుతో ముందే తేల్చుకోండి.

వెడల్పు గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మా లెక్కలో అది అడ్డం రాలేదు. లోపల పిల్లరుకు, మెట్ల గోడకు మధ్య 2.55 ఉంది. స్విఫ్ట్ వెడల్పు 1.735. ప్యాసింజర్ వైపు అద్దం ముడిచి పిల్లరుకు 15 సెంటీమీటర్ల దూరంలో నిలిపితే డ్రైవర్ వైపు 66 మిగులుతుంది. డోరు తెరిచి మామూలు మనిషి దిగడానికి 60 ఉంటే ఇబ్బంది లేదు. అయితే ఒకటి చూసుకోవాలి. కారును ముందుకు పోనిచ్చి పెడితే డ్రైవర్ డోరు ఒక పక్కకు వస్తుంది, రివర్స్‌లో పెడితే రెండో పక్కకు వస్తుంది. పిల్లరు ఏ పక్కనుందో దాన్ని బట్టి ఇది లాభమో నష్టమో అవుతుంది. మా వాళ్లకు రివర్స్‌లో పెడితే పిల్లరు ప్యాసింజర్ వైపు పడింది, అదృష్టం.

మలుపు: పాత క్యాలెండర్ మీద కారు తిప్పడం

ఇప్పటిదాకా కొలిచింది కారు నిలబడే జాగా. 4.25 మీటర్ల సందులోంచి 2.70 గేటులోకి కారు తిరగగలదా అన్నది వేరే ప్రశ్న. దీన్ని టేపుతో తేల్చలేం, బొమ్మ గీయాలి.

బ్రోషర్‌లో టర్నింగ్ రేడియస్ అని ఒక అంకె ఉంటుంది. స్విఫ్ట్‌కు 4.8 మీటర్లు. దాన్ని చూసి నేరుగా ఏమీ తేల్చకండి. సాధారణంగా అది బయటి ముందు టైరు గీసే గీత లెక్క. టైరుకన్నా బంపర్ మూల ముందుకు ఉంటుంది కాబట్టి ఇంకా పెద్ద విల్లు గీస్తుంది. స్విఫ్ట్‌లో ఆ మూల దాదాపు 5.3 మీటర్ల దాకా పోతుంది. ఎదురింటి ర్యాంపుకు తగిలేది ఆ మూలే.

మేం చేసింది ఇది. పాత గోడ క్యాలెండర్ వెనక్కి తిప్పి, మీటరుకు 5 సెంటీమీటర్ల లెక్కన సందు, గేటు స్తంభాలు, లోపలి గోడలు గీశాం. 4.25 మీటర్ల సందు 21 సెంటీమీటర్లు పైచిలుకు వస్తుంది. అట్టముక్కతో కారును అదే లెక్కలో కత్తిరించాం. స్విఫ్ట్ అయితే 19.3 పొడవు, 8.7 వెడల్పు. వెనక చక్రాల మధ్య గీత దాని మీద గీయాలి. వెనక బంపర్ నుంచి చక్రం మధ్యకు ఎంతో షోరూములో టేపుతో కొలుచుకోవచ్చు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కారు మొత్తం ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. ఆ బిందువు ఎప్పుడూ వెనక చక్రాల గీతను పక్కకు పొడిగిస్తే వచ్చే గీత మీదే ఉంటుంది. కారు నడిమధ్య నుంచి దాని దూరం ఇలా వస్తుంది:

```
p = √(R² − L²) − T/2
```

ఇందులో R టర్నింగ్ రేడియస్, L వీల్‌బేస్ అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, T ఎడమ కుడి చక్రాల మధ్య దూరం. T దొరక్కపోతే T/2కు 0.75 వేసుకోండి, పెద్ద తేడా రాదు. స్విఫ్ట్‌కు R 4.8, L 2.45 వేస్తే p 3.38 మీటర్లు, అంటే అట్ట మీద 16.9 సెంటీమీటర్లు. సన్నని అట్టపట్టీ ఒకటి వెనక చక్రాల గీతకు అతికించి, ఆ దూరంలో గుండుసూది గుచ్చండి. ఇక అట్టకారును చేత్తో తిప్పితే నిజం కారు ఎలా తిరుగుతుందో అలాగే తిరుగుతుంది. గుండుసూదిని అటూ ఇటూ జరుపుతూ, గేటు స్తంభానికి తగలకుండా, ఎదుటి ర్యాంపు దాటకుండా తిరిగే చోటు ఉందేమో వెతకాలి. చుట్టుపక్కల పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, మనకన్నా ఓపిగ్గా చేస్తారు.

ముందు స్విఫ్ట్ అట్టను ముందుకు పోనిస్తూ గేటులోకి తిప్పాం. ఒకే ఊపులో తిరగాలంటే దాదాపు 6.7 మీటర్ల సందు కావాల్సి వచ్చింది. అదే అట్టను రివర్స్‌లో తిప్పితే 3.9 మీటర్లే పట్టింది. కారణం చూస్తే తెలుస్తుంది. కారు తిరగడానికి ఊగేది ముక్కు భాగం, వెనక భాగం పెద్దగా ఊగదు. ముందుకు వెళ్తే ఊగే భాగాన్ని ఇరుకైన గేటులోకి దూర్చాలి. రివర్స్‌లో వెళ్తే ఊగని భాగం గేటులో ఉంటుంది, ఊగే భాగం సందులో ఉంటుంది. కాబట్టి ఇరుకు సందులో ఇల్లుంటే రివర్స్‌లో పెట్టడం అలవాటు చేసుకోక తప్పదు.

రివర్స్‌లో, 2.70 గేటుకు, ఒకే ఊపులో తిరగడానికి కావాల్సిన సందు నా లెక్కలో ఇలా వచ్చింది. వ్యాగన్ ఆర్‌కు 3.65 మీటర్లు, స్విఫ్ట్‌కు 3.9, క్రెటాకు 4.3, ఇన్నోవా క్రిస్టాకు 4.5. ఇవి స్టీరింగ్ చివరిదాకా తిప్పి, వెంట్రుకవాసి తేడా లేకుండా నడిపితే వచ్చే అంకెలు. మామూలు మనుషులకు దీనికి పైన కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. మా 4.25 లో స్విఫ్ట్‌కు 35 మిగిలింది, పాస్ మార్కులతో గట్టెక్కింది. వ్యాగన్ ఆర్‌కు 60 మిగిలింది, హాయిగా పోతుంది. క్రెటాకు ఒక ఊపు చాలదు.

అయితే క్రెటా అసలు పోదా అంటే పోతుంది. ముందుకూ వెనక్కూ రెండు మూడు సార్లు ఆడించి పెట్టొచ్చు. పొద్దున తొమ్మిదింటికి వెనకాల నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతుంటే రోజూ ఆ పని చేయగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. నేనైతే చేయను. గేటు మారిస్తే లోపలి పొడవు పెరుగుతుంది, సందు మాత్రం పెరగదు. కాబట్టి గేటు మార్చే ఖర్చు పెట్టే ముందు మలుపు లెక్క చూడాలి.

మోరీ సంగతి మర్చిపోవద్దు. గేటు ముందు మోరీ తెరిచి ఉండి, దాని మీద గేటు వెడల్పంతే కడప బండ వేసి ఉంటే, తిరిగేటప్పుడు లోపలి వెనక టైరు బండ అంచు దాటి మోరీలో పడుతుంది. అట్టకారు తిప్పేటప్పుడు బండ అంచులు కూడా గీయండి. మా వాళ్ల బండ 3.2 మీటర్లుంది, టైరు సరిగ్గా అంచు మీదుగా పోతోంది. తిరిగే వైపు ఇంకో అడుగు బండ వేయిస్తే నిశ్చింత.

ర్యాంపు: రెండు ఇటుకలు, ఒక దారం

మళ్లీ మళ్లీ తారు వేయడంతో బెంగళూరులో చాలా వీధులు ఇళ్లకన్నా ఎత్తయ్యాయి. బండి ర్యాంపు ఎక్కి దిగేటప్పుడు మధ్యలో దిబ్బలా ఉన్న చోట కారు కడుపు రాసుకుంటుంది. దీన్ని కొనకముందే పట్టుకోవచ్చు. కారు గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో బ్రోషర్‌లో చూడండి. మనుషులు ఎక్కితే అది తగ్గుతుంది కాబట్టి అందులోంచి 4 సెంటీమీటర్లు తీసేయండి. స్విఫ్ట్‌కు 16.3 అంటారు, మనం 12 అనుకుందాం. 12 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు దిమ్మెలు తీసుకోండి, ఇటుక మీద చెక్క పేర్చినా సరే. వాటిని వీల్‌బేస్ దూరంలో, అంటే 2.45 మీటర్లు ఎడంగా ర్యాంపుకు అటూ ఇటూ పెట్టి, వాటి మీదుగా దారం బిగుతుగా లాగండి. దారం ఎక్కడైనా నేలకు తగిలితే అక్కడే కారు తగులుతుంది. దిమ్మెలను కొంచెం కొంచెం జరుపుతూ ర్యాంపు పొడుగునా చూడాలి. వీల్‌బేస్ పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది, అందుకే పొడవాటి సెడాన్లు ఇక్కడ ఎక్కువ రాసుకుంటాయి.

మా వాళ్ల ర్యాంపు మీద స్విఫ్ట్ దారం తగల్లేదు, రెండు వేళ్ల సందు ఉంది.

చివరికి నిజం కారుతో

అట్టతో తేలాక, నిజం కారుతో ఒకసారి చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌కు ఇంటికే కారు తెమ్మంటే చాలా డీలర్లు తెస్తారు. ఆదివారం పొద్దున, స్కూటర్లన్నీ ఉన్నప్పుడు పిలవండి. లోపల పెట్టి, గేటు మూసి, డోరు తెరిచి దిగి, డిక్కీ ఎంత తెరుచుకుంటుందో చూసి, మళ్లీ బయటికి తీయండి. ఇంట్లో కారు నడిపేవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ చేయాలి. డీలరు డ్రైవరు తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి, ఆయనకు అది రోజూ చేసే పని.

బావమరిది మాట వినకుండా క్రెటాను కూడా తెప్పించాడు. మూడు సార్లు ఆడించి లోపల పెట్టాడు. దిగి గేటు లాగితే ఎడమ రెక్క బంపర్ దగ్గర ఆగిపోయింది. గోడకు ఇంకో నాలుగు వేళ్లు వెనక్కి పోవాలంటే సెన్సరు ఆపకుండా కూస్తోంది. స్విఫ్ట్‌ను మా చెల్లి రెండో ప్రయత్నంలో ఒకే ఊపులో పెట్టింది. గేటు మూసుకుంది. డిక్కీ మాత్రం గోడ మూలంగా సగమే తెరుచుకుంటుంది, సామాను రోడ్డు మీదే దించుకోవాలి.

స్విఫ్టే బుక్ చేశారు. అమ్మానాన్న వచ్చినప్పుడు తిరుపతి వెళ్లాలంటే ఇన్నోవా అద్దెకు తీసుకుంటామన్నారు. బండ పొడిగించడానికి మేస్త్రీతో మాట్లాడారు. వీధిలో తారు మళ్లీ వేస్తారని వార్త ఉందట. అది పడ్డాక ర్యాంపు దగ్గర దారం ఇంకోసారి లాగి చూడమని చెప్పి వచ్చాను.